తడి జుట్టు పొడవు

మా స్టూడియోకు వచ్చేవాళ్లలో సగం మంది అబద్ధం కోసమే వస్తారు. మచ్చ తీసేయండి, పొట్ట తగ్గించండి, పక్కన నిలబడ్డ తోడికోడలిని కోసేసి అక్కడో పూలకుండీ పెట్టండి అంటారు. పెళ్లికి రాని బావగారిని వచ్చినట్టు వరసలో నిలబెట్టిన ఘనత కూడా నాకుంది. ఆ ఫోటోలో ఆయనే అందరికంటే హుందాగా ఉన్నాడు. అందుకే గొడుగాయన మొదటిసారి వచ్చి, పొడి జుట్టును తడి జుట్టు చేయగలరా అని అడిగినప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. ఆయన చెప్పిన కారణాన్ని నవ్వుకుంటూ నమ్మేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది వీధి చివర ఉన్న చిన్న కొట్టు. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, తల దువ్వుకోవడానికి ఒక నిలువుటద్దం. వెనక గదుల్లో మా కాపురం. రెండింటికీ మధ్య గుమ్మంలో మా అత్తయ్య కుర్చీ. వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ అక్కడి నుంచే తనిఖీ చేస్తూ ఉంటుంది. మా ఆయన లారీ నడుపుతాడు. పది రోజులకోసారి ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయి వెళ్తాడు.

గొడుగాయన పేరు నాకు తెలియదు. చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండా వానా లేని రోజు కూడా చేతిలో గొడుగుండేది. దాన్ని కౌంటరు అంచుకు తగిలించి, జేబురుమాలు పరిచి, దాని మీద చేతులు పెట్టుకుని మాట్లాడేవాడు. మెత్తటి గొంతు, శుభ్రంగా కత్తిరించిన గోళ్లు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోటో తెచ్చాడు. ముప్పై ఏళ్ల ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. పసుపు చొక్కా, ఎడమచేతి చూపుడువేలికి పట్టీ, భుజాల దాకా దట్టంగా ఉంగరాల జుట్టు.

"మా ఆవిడండీ. వాళ్లక్కకు వేరే ఊళ్లో జుట్టు పార్లరుంది. తలకు రుద్దుకునే పొడేదో చేసి పంపింది. తల పోసుకోగానే ఫోటో తీసి పంపమని ఒకటే పోరు. మా ఆవిడకేమో ఆ వాసనే పడదు. ఆ మాట చెబితే వదినగారు చిన్నబుచ్చుకుంటారు. ఒక్క ఫోటో పంపితే ఇద్దరికీ హాయి," అన్నాడు.

అత్తయ్య గుమ్మంలోంచి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

"కానీ ఆవిడది పార్లరు కదండీ. జుట్టు విషయంలో ఏ చిన్న తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తుంది. మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పేయండి."

నా వల్ల కాదని ఎవరైనా అంటే ఇక నన్ను ఆపడం ఎవరితరమూ కాదు. రేపు రండి అన్నాను.

తడి జుట్టును ఊహించి గీస్తే నూనె రాసిన జుట్టులా వస్తుంది. ఎదురుగా నిజమైనది ఒకటి ఉండాలి. అత్తయ్యదీ ఉంగరాల జుట్టే, నెరిసింది తప్ప.

"అత్తయ్యా, ఒక్కసారి తల తడుపుకుంటారా?"

"నిన్ననేగా పోసుకున్నాను! నాకు జలుబు చేస్తే నువ్వు తుమ్ముతావా?"

"రెండు చెంబులే."

"కోడలొస్తే కాస్త కూర్చోవచ్చనుకున్నాను. ఇప్పుడు మోడలింగు కూడా చేయిస్తోంది," అని సణుగుతూనే నీళ్లు పోసుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఫోటోలో లాగానే వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా నిలబెట్టి ఎనిమిది ఫోటోలు తీశాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. పొడిగా ఉన్నప్పుడు భుజం దాటని అత్తయ్య జుట్టు నీళ్లు పడగానే బెత్తెడు కిందికి దిగింది. నీటి బరువుకు ఉంగరాలు సాగిపోతాయి. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

ఆ రోజంతా ఆ పని మీదే కూర్చున్నాను. ముందు జుట్టు రంగు ముదురు చేశాను, ఎందుకంటే తడిసినది ఏదైనా నల్లబడుతుంది. నడినెత్తిన ఉబ్బు తగ్గించి జుట్టును తలకు అంటించాను. చుట్టూ గాల్లో లేచి ఉన్న పీచునంతా తుడిచేశాను. పొడి జుట్టు మీద మెరుపు వెడల్పాటి పట్టీలా మెత్తగా పరుచుకుని ఉంటుంది. అది ఉన్నంతకాలం ఏం చేసినా తడిగా కనిపించదు కాబట్టి దాన్ని పూర్తిగా చంపేశాను. తరువాత వెంట్రుకలను పాయలు పాయలుగా కలిపాను. నీళ్లలో ముంచి తీసిన రంగుల కుంచె కొనలా ఒక్కో పాయా చివర సన్నబడాలి. అన్నీ ఒకే లావుంటే దువ్వెన పళ్లలా ఉంటుంది కాబట్టి ఒకటి లావుగా, ఒకటి సన్నంగా, రెండు ఒకదాని మీదొకటి పడినట్టు గీశాను. పాయల మధ్య సందుల్లో కొంచెం మాడు కనిపించనిచ్చాను.

అసలు పని మెరుపుతో. తడి జుట్టు మీద మెరుపు సన్నగా, పదునుగా ఉంటుంది. పాయ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, వెలుతురుకు ఎదురైన వంపు దగ్గరే వెలిగి, పాయ పక్కకు తిరగగానే తెగిపోతుంది. దాని రంగు జుట్టు రంగు కాదు, కిటికీ వెలుతురు రంగు. కాస్త నీలం కలిపిన తెలుపు వేశాను. కుడివైపు, వెలుతురు అందని చోట, దాదాపు ఏమీ వేయలేదు. మొత్తం మెరిపిస్తే ప్లాస్టిక్ బొమ్మ అవుతుంది. చివరికి ఉంగరాలను సాగదీసి జుట్టును బెత్తెడు కిందికి దించాను. భుజాల మీద చొక్కా తగిలిన చోట రెండు తడి మరకలు పెట్టాను.

మర్నాడు గొడుగాయన తెరకు ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. వేలితో ఆ జుట్టును పైనుంచి కిందికి నిమిరాడు.

"నిజంగా ఇప్పుడే తల పోసుకున్నట్టుంది," అన్నాడు.

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకో ఫోటో. చొక్కా ఆకుపచ్చ చేయాలి, గోడ రంగు మార్చాలి, వేలికున్న పట్టీ తీసేయాలి, జుట్టు తడపాలి.

"వదినగారికి తెగ నచ్చేసింది. ప్రతివారం పంపమంటోంది," అన్నాడు. సాయంత్రానికి వస్తానని వెళ్లాడు.

పట్టీ తీసేయడానికి వేలిని పెద్దది చేసి చూశాను. పట్టీ అంచున గోధుమరంగు మరక. ఎక్కడో చూశాననిపించి మొదటి ఫోటో తెరిచాను. అదే పట్టీ, అదే మరక. చెవి మీదుగా అదే పాయ అలాగే అడ్డంగా పడి ఉంది. రెండూ ఒకే పూట, ఒకే చోట కూర్చోబెట్టి తీసినవి. ఫైలు తేదీ చూశాను. నాలుగు నెలల కిందటిది.

అయితే ఏమైంది, పాత ఫోటో పంపుకుంటున్నాడు, బద్ధకస్తుడు, అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అయినా ఆ తేదీని ఇంకోసారి చూశాను. పని మాత్రం ఆపలేదు. చెయ్యి దాని దారిన అది పోయింది, అదీ చాలా బాగా పోయింది.

సాయంత్రం ఆయన వచ్చి కూర్చున్నాక, మాటవరసకు అన్నట్టు అన్నాను. "సార్, ఇంత అవస్థ ఎందుకు? ఆవిడ మామూలుగా తల పోసుకున్నప్పుడే ఫోన్‌తో ఒకటి తీసేస్తే అయిపోయేది కదా."

ఆయన నవ్వలేదు. జేబురుమాలు అంచు సరిచేశాడు.

"ఆవిడకు ఒంట్లో బాగుండట్లేదు."

అప్పుడే ఆయన చేతిలో ఫోన్‌కు మెసేజ్ వచ్చిన చప్పుడైంది. చూడబోయి వేలు తగిలి వాయిస్ మెసేజ్ మొదలైనట్టుంది, గది నిండా ఒక ఆడగొంతు వినిపించింది. "చిట్టీ, ఫోటో బాగుందే. కానీ నీ గొంతు విని రెండు నెలలైంది. ఫోటోలు కాదు, ఒక్కసారి మాట్లాడవే తల్లీ. ఏమీ చెప్పొద్దు. అక్కా అని పిలువు, చాలు."

ఆయన కంగారు పడలేదు. అదే నన్ను భయపెట్టింది. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, అక్షరాలు వెతుక్కునేవాళ్లు చేసినట్టు సన్నగా పైకి అనుకుంటూ జవాబు టైపు చేశాడు. "గొంతునొప్పి... ఇంకా... తగ్గలేదు... అక్కా."

ఆ 'అక్కా' వినగానే నాకు అర్థమైంది. భార్య పేరుతో రాస్తున్నాడు. మరి ఆ భార్య ఎక్కడుంది? ఉందా అసలు?

నా ముఖం ఎలా మారిందో ఏమో, ఆయన తల ఎత్తి నన్నే చూస్తున్నాడు.

"మీ ఆయన లారీ ఎక్కితే పది రోజుల దాకా రారట కదా. పక్క కొట్టాయన చెప్పాడు. అంటే మీరూ, ఈ పెద్దావిడా, ఇద్దరే ఉంటారన్నమాట," అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేశాను. అది రెండుసార్లు చేజారి కింద పడింది. ఆయనే వంగి తీసి, ఊది, జేబులో పెట్టుకున్నాడు. ఆ ఫోటోలోనూ ఒక్క లోపం లేదు. పాయలు, మెరుపులు, పొడవు అన్నీ అతికినట్టు సరిపోయాయి.

మర్నాడు పొద్దున్నే పోలీస్ స్టేషనుకు వెళ్లాను. బల్ల వెనక కూర్చున్నాయన ఓపిగ్గానే విన్నాడు.

"ఆయన పేరు?"

"తెలీదండీ."

"ఇల్లు? ఫోన్ నంబరు?"

"తెలీదు."

"ఆవిడ పేరు?"

"చిట్టి. అది ముద్దుపేరు అనుకుంటా."

ఆయన కలం కింద పెట్టాడు. "అంటే ఒకాయన వాళ్లావిడ ఫోటోలో జుట్టు తడిపించుకున్నాడు, అంతేగా? ఏమని రాసుకోమంటారమ్మా? పేరో ఇల్లో తెలుసుకుని రండి, అప్పుడు చూద్దాం."

తప్పు పట్టడానికి లేదు. బయటికొచ్చాక నేను చెప్పింది నాకే పిచ్చిమాటలా వినిపించింది. ఇంటికొచ్చి అత్తయ్యకు అంతా చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది.

"ఈసారొస్తే కొట్టు మూసేయ్. మనకెందుకొచ్చిన గొడవ," అంది.

"మూసేస్తే ఇంకో కొట్టుకెళ్తాడు. ఆ పిల్ల సంగతి?"

అత్తయ్య దువ్వెన తెచ్చి నా చేతికిచ్చి, నా ముందు నేల మీద కూర్చుంది. మనసు బాగోకపోతే తల దువ్వించుకోవడం ఆవిడకు అలవాటు. ఆ పొడి ఉంగరాల చిక్కు తీస్తూ ఆలోచించాను. ఆయన్ని వెంబడించే ధైర్యం నాకు లేదు. వాళ్లక్క నంబరు తెలియదు. ఆవిడ దగ్గరికి వెళ్లగలిగేది ఒక్క ఫోటోయే, అదీ నా చేతి మీదుగా వెళ్లేదే. అందులో ఆయన కళ్లకు కనబడనిది, జుట్టు కత్తిరించే ఆవిడ కళ్లకు మాత్రమే కనబడేది ఏదో ఒకటి పెట్టాలి. మెరుపు తప్పుగా వేస్తే ఆయనే పట్టేస్తాడు, రెండు ఫోటోలు చూసి బాగా నేర్చేసుకున్నాడు. పాయలు తప్పుగా వేసినా అంతే.

దువ్వెన భుజం దగ్గర ఆగింది. అక్కడితో జుట్టు అయిపోయింది. తడిస్తే ఇంకో బెత్తెడు వస్తుంది కదా, అనుకున్నాను.

చెల్లెలి జుట్టు ఏళ్ల తరబడి తడిపి కత్తిరించిన చేతులకు, అది తడిస్తే ఎక్కడి దాకా వస్తుందో తెలియకుండా ఉంటుందా? పార్లరువాళ్లు కత్తెర పెట్టేముందు చూసుకునేదే అది. తడిలో కొలిచి కోస్తే ఆరాక పైకి ముడుచుకుపోతుందని ప్రతి ఒక్కరికీ చెప్తారు. ఆవిడకు మాత్రమే కనబడే తప్పు ఏదో తెలిసింది. అది పెట్టేటప్పుడు ఆయన నా వెనకే ఉంటాడేమోనన్న ఆలోచనకే నాకు ముచ్చెమటలు పోశాయి.

ఉన్నాడు కూడా. మూడోవారం ఇంకో ఫోటో తెచ్చినప్పుడు వెళ్లలేదు. కుర్చీ లాక్కుని నా భుజం వెనక కూర్చున్నాడు.

"ఆదివారం వదినగారు బయల్దేరి వస్తానంటున్నారు. వచ్చిందంటే ఇల్లంతా అల్లరి. ఈ ఫోటో చూసి ఆవిడ మానుకోవాలి. అంత బాగా ఉండాలి," అన్నాడు. "ఈసారి చివర్ల నీటిబొట్లు కూడా పెట్టండి. కారుతున్నట్టు."

మధ్యాహ్నం మూడు గంటలు. వీధిలో జనం ఉన్నారు, ఎదురు కొట్టులో రేడియో మోగుతోంది. అయినా ఆయన ఊపిరి నా చెవి వెనక వినబడుతుంటే నాకు ఇంకేమీ వినబడలేదు. రంగు ముదురు చేశాను. నెత్తి మీద ఉబ్బు అణిచాను. మెత్తటి మెరుపు చంపి సన్నటి మెరుపులు గీశాను. మౌసు పట్టుకున్న చెయ్యి చెమటకు జారుతుంటే ఒళ్లో తుడుచుకున్నాను. పాయలు చేస్తూ చేస్తూ ఉంగరాల దగ్గరికొచ్చాను. సాగదీయలేదు. పొడిగా ఉన్నప్పుడు ఎలా చుట్టుకుని భుజం మీదే ఆగాయో అలాగే ఉంచి, తడి రంగు మాత్రం వేశాను.

ఆ ముడుచుకున్న చివర్లకే నీటిబొట్లు తగిలించాను. ఒక్కో బొట్టుకూ కిటికీ వైపు ఒక చుక్క మెరుపు, అవతలి అంచున లోపలి నుంచి వచ్చే చిన్న వెలుగు. బొట్లు ఎంత నిజంగా ఉంటే నా తప్పు అంత పెద్దదవుతుంది. నీళ్లు కారేంత తడిసిన ఉంగరం అలా స్ప్రింగులా చుట్టుకుని ఉండదు, ఉండలేదు. చూసేవాళ్లకు చూపు ఉండాలంతే.

"ఆగండి," అన్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది.

"పాతది ఒకసారి పక్కన పెట్టండి."

పెట్టాను. పెట్టక చేసేదేముంది? తెర మీద రెండు ముఖాలూ పక్కపక్కన నిలబడ్డాయి. ఒకదాని జుట్టు భుజం కిందికి దిగి ఉంది. రెండోదాని జుట్టు భుజం మీదే ఉంది. నా కళ్లకు ఆ తేడా గోడంత పెద్దగా కనిపించింది.

"అప్పుడు ఇంకాస్త పొడుగ్గా ఉన్నట్టుందే?"

పైప్రాణాలు పైనే పోయాయి. ముందే ఆలోచించి పెట్టుకున్న జవాబు ఒకటుంది. అది ఆ క్షణాన ఎంత వెతికినా దొరకలేదు.

"అవును కదే," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "నాదీ తడిస్తే బెత్తెడు..."

వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య నా కళ్లలోకి చూసింది. ఏం చూసిందో ఆ దేవుడికే తెలియాలి. కుర్చీలోంచి కష్టపడి లేచి, మోకాళ్లు పట్టుకుంటూ మా దగ్గరికొచ్చి తెరవైపు వంగింది.

"బెత్తెడు దిగుతుంది బాబూ, తుడుచుకోకపోతే. తువ్వాలు చుట్టి విప్పానా, మళ్లీ మొదటికే ముడుచుకుంటుంది. అప్పటి ఫోటోలో ఆ పిల్ల తుడుచుకోకుండా కూర్చున్నట్టు గీసింది మా కోడలు. ఇప్పుడు తుడుచుకున్నట్టు గీసింది. ప్రతివారం ఒకేలా ఉంటే మీ వదినకు అనుమానం రాదూ?"

ఆయన అత్తయ్యను ఎగాదిగా చూశాడు. తరువాత తెరను చూశాడు. తుడుచుకుంటే చివర్ల బొట్లెలా ఉంటాయని అడుగుతాడేమోనని నేను బొట్లకేసి చూడకుండా కూర్చున్నాను. ఎదురు కొట్టు రేడియోలో ఎవరో నవ్వారు.

"పెద్దవాళ్లు పెద్దవాళ్లే," అన్నాడు చివరికి. "నిజమే, తేడా ఉండాలి."

ఫోటోను అక్కడే ఫోన్‌లోకి ఎక్కించుకుని, అక్కడే కూర్చుని పంపాడు. కదల్లేదు. జవాబు చూసి గానీ వెళ్లేట్టు లేడు. నేను కౌంటరు మీదున్న కత్తెరకేసి చూస్తూ కూర్చున్నాను. అది ఎందుకు చూశానో నాకే తెలియదు. నాలుగు నిమిషాలకు ఫోన్ మోగింది. ఆయన చదివి, ముఖం విప్పార్చుకుని, నాకు కూడా చదివి వినిపించాడు.

"'మా చిట్టి జుట్టు ఎంత బాగుందో. ఇక నాకు బెంగ లేదు. ఆదివారం రానులేవే, పండుకో.' చూశారా? మీ చేతిలో ఏదో ఉందండీ."

గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

నా ప్రాణం ఉసూరుమంది. నేల మీద కూలబడి ఏడ్చేశాను. పార్లరు ఆవిడ చూడలేదు. ఆ బెత్తెడు ఆవిడకు కనబడలేదు. నా భయం, అత్తయ్య తెగింపు, అన్నీ కలిసి ఆ మనిషికి ఇంకో మంచి ఫోటో చేసిపెట్టాయి, అంతే. అత్తయ్య నా తల నిమురుతూ, "రానులే అందిగా, రాకుండా ఉండదులే," అంది. ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

ఆ తరువాత మూడు రోజులు వీధిలో గొడుగు కనిపిస్తే చాలు తలుపు చాటుకు తప్పుకున్నాను. ఒకరోజు నిజంగానే వాన పడింది. వీధి నిండా గొడుగులే. కొట్టు సగం మూసి, వెనక గదిలో కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానని చెప్పాను.

నాలుగో రోజు పొద్దున పదింటికి ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. ముందున్నావిడకు యాభై దాకా ఉంటాయి. బలమైన చేతులు, వేళ్ల మీద రంగు మరకలు. వెనకున్నావిడ తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లు దించుకుని ఉంది. పెద్దావిడ లోపలికొచ్చి కౌంటరు మీద ఫోన్ పెట్టింది. అందులో నేను చేసిన మూడు ఫోటోలు.

"ఇవి ఎవరు చేశారు?"

ఆ గొంతు నాకు తెలుసు. "నేనే," అన్నాను. కౌంటరు పట్టుకున్నాను.

"ఈ కొట్టు సంగతి వాడే స్టేషన్లో చెప్పాడు. ఆదివారం రానని రాశాను, గురువారమే వచ్చాను, నలుగురు పోలీసుల్ని వెంటబెట్టుకుని. వెనక గదికి బయట తాళం వేసి ఉంది." ఆవిడ ఆగింది. "రెండు నెలలుగా అందులోనే ఉంది ఇది. పారిపోబోయిందని తల గొరిగేశాడు. ఈ ముఖంతో వీధిలోకి పోతావా అన్నాడట."

తువ్వాలు పక్కకు జరిగింది. వేలెడైనా లేదు జుట్టు. అక్కడక్కడా మాడు మీద మానిన గాట్లు. నేను ఒక్కో పాయా లెక్కగా గీసి, మెరుపు దిద్ది, కిందికి దించిన జుట్టు ఈ లోకంలోనే లేదు. లేని జుట్టుకు నేను నీళ్లు పోశాను.

"చూడగానే తెలిసింది," అంది అక్క, మూడో ఫోటో మీద వేలు పెట్టి. "చిన్నప్పటి నుంచీ దీని జుట్టు తడిపి కత్తిరించేది నేనే. కారేంత తడిస్తే ఇక్కడ ఆగదు. ఇది పొరపాటా, కావాలని చేశారా?"

"కావాలనే."

ఆవిడ తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కౌంటరు మీదున్న నా చేతి మీద చెయ్యి వేయబోయి ఆగింది.

"నాకు మొదటి నుంచీ అనుమానమేనండీ. పాత ఫోటోలు తిప్పి పంపుతున్నాడేమోనని. అందుకే తడి తలతో ఫోటో అడిగాను. దీనికి తల తడిగా ఉంటే ఫోటో దిగడమంటే చచ్చేంత సిగ్గు, జన్మలో ఒక్కటి కూడా దిగలేదు. కాబట్టి పాతది ఉండదు. వచ్చిందంటే అప్పుడే తీసిందై ఉండాలి, పిల్ల బాగున్నట్టే. మొదటిది వచ్చినప్పుడు పెద్దది చేసి కుదుళ్ల దాకా చూశాను. ఒక్క వంక దొరకలేదు. ఆ వేళ కడుపు నిండా అన్నం తిన్నాను." ఫోన్‌లో మొదటి రెండు ఫోటోలూ తిప్పి చూపించింది. "ఆ రెండూ ఏమిటి మరి?"

అబద్ధం చెప్పడానికి నా దగ్గర నూరు మాటలున్నాయి. నాకు తెలియదనవచ్చు. మొదటిది చేసినప్పుడు నిజంగానే తెలియదు కూడా. కానీ రెండోది? ఆ పట్టీ, ఆ తేదీ, ఆ 'అక్కా'?

"అవి కూడా కావాలనే చేశానమ్మా," అన్నాను. "బాగా చేశాను."

అక్క నా మీది నుంచి చూపు తిప్పుకుంది. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేదేమో, తిట్టలేదు. గుమ్మంలో అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

చిట్టి మొదటిసారి నోరు విప్పింది. వాడకపోవడం వల్లేమో గొంతు గరగరలాడింది. "పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలండీ. కాగితాలకు. నా కార్డులన్నీ వాడు చించేశాడు."

కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె అద్దంకేసి చూడలేదు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, మడతలు పెడుతూ అడిగింది. "జుట్టు ఉన్నట్టు చేస్తారా? మీకు వచ్చుగా."

నాకు వచ్చు. నాకంటే బాగా ఎవరికీ రాదు. మెడ మీద ఎంత దిగాలో, ఏ పాయ చెవి మీద అడ్డంగా పడుతుందో కళ్లు మూసుకుని గీయగలను. వాళ్లక్కకేసి చూశాను. అక్క వచ్చి చెల్లెలి తల మీద చెయ్యి పెట్టింది.

"వద్దులేవే," అంది. "ఉన్నదున్నట్టే తియ్యనీ. ఈసారి ఇది నువ్వేనని నాకు తెలియాలి."

తీశాను. తెర మీద పెట్టి, ఏమీ దిద్దకుండా, అలాగే ప్రింటుకు పంపాను.